బోర్డు మీద యూనిట్ 18.50, నాకు పడింది 27: సూర్యాపేట దగ్గర కారు ఛార్జింగ్ బిల్లు కాస్త విడమరిచి చెప్పండి

బెజవాడ_ప్రయాణం (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నిన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ, సూర్యాపేట దాటాక ఒక హోటల్ పక్కన 60 కిలోవాట్ల ఛార్జర్ ఉంటే ఆగాం. బోర్డు మీదా యాప్‌లోనూ యూనిట్ 18.50 అనే ఉంది. మధ్యాహ్నం 12:34కి గన్ను పెట్టాను. అప్పటికి బ్యాటరీ 25 శాతం. 90 దగ్గర ఆగేలా కారులోనే లిమిట్ పెట్టి భోజనానికి వెళ్లాం. తిరిగొచ్చి గన్ను తీసేసరికి 2:03 అయింది. బిల్లు ఇలా వచ్చింది:

ఛార్జింగ్, 28.46 యూనిట్లు × 18.50: రూ. 526.51
ప్లాట్‌ఫాం ఛార్జీ: రూ. 10.00
ఐడిల్ ఫీజు, 31 నిమిషాలు × 2: రూ. 62.00
సీజీఎస్టీ 9%: రూ. 53.87
ఎస్‌జీఎస్టీ 9%: రూ. 53.87
మొత్తం: రూ. 706.25

నాది 40 యూనిట్ల బ్యాటరీ. 25 నుంచి 90 అంటే 65 శాతం, అంటే 26 యూనిట్లు. 706ని 26తో భాగిస్తే యూనిట్‌కి 27 రూపాయల పైనే పడుతోంది. 18.50 ఎక్కడ, 27 ఎక్కడ? పైగా 26 యూనిట్లు ఎక్కితే 28.46కి ఎందుకు కట్టాలి? కొన్నది ఈ మధ్యే, నాకు అర్థమయ్యేలా చెప్పండి.

నల్గొండ_న్యాయం (ఆదివారం, రాత్రి 10:02)

అన్నా, నిన్ను మోసం చేసిన్రు. కరెంటు మీద జీఎస్టీ లేదు, ఇంటి కరెంటు బిల్లు తీసి చూడు, ఎక్కడన్నా ఉంటదా? ఆ 107 రూపాయలు వాపస్ అడుగు. ఇంకోటి, ఛార్జింగ్ స్టేషన్లకు కరెంటు రేటు మీద కేంద్రం పరిమితి పెట్టింది. 18.50 అసలు తీసుకోవద్దు.

అపార్ట్‌మెంట్_202 (ఆదివారం, రాత్రి 10:15)

మా దగ్గరా ఇదే గొడవండి. సెల్లార్‌లో నా స్కూటర్‌కి సబ్‌మీటర్ పెట్టించుకున్నాను. అసోసియేషన్ వాళ్లు యూనిట్‌కి 12 రూపాయలు వసూలు చేస్తున్నారు. కామన్ మీటర్ బిల్లులో పడేది అంతకంటే తక్కువ. మిగతాది మెయింటెనెన్స్ అంటారు. ఏం చేయాలో చెప్పండి.

బెజవాడ_ప్రయాణం (ఆదివారం, రాత్రి 10:21)

202 గారూ, మీది ఇంట్లో మీటరు సంగతి కదండీ, నాది హైవే మీద ఫాస్ట్ ఛార్జింగ్. మీరు వేరే చర్చ మొదలుపెడితే నేనూ వస్తాను, మా అపార్ట్‌మెంట్‌లోనూ ఆ మాట నడుస్తోంది.

పద్దుపుస్తకం (సోమవారం, ఉదయం 7:10)

జీఎస్టీ గురించి నేను చెబుతాను, నా పని అదే. నల్గొండ గారు చెప్పినదాంట్లో సగం నిజం. కరెంటు అమ్మకం మీద జీఎస్టీ లేదు. కానీ కారు ఛార్జింగ్‌ని కరెంటు అమ్మకంగా లెక్కలోకి తీసుకోరు.

2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలి. అలా అయితే హోటల్ పక్కన నాలుగు గన్నులు పెట్టే వాళ్లందరూ డిస్కంలలా లైసెన్సుకి తిరగాలి. అందుకని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్ 13న ఒక వివరణ ఇచ్చింది. బ్యాటరీని ఛార్జ్ చేయడం సేవ, కరెంటు అమ్మకం కాదు, లైసెన్సు అక్కర్లేదు అని. స్టేషన్లు పెరగడానికి దారి తీసింది ఆ మాటే. సేవ అన్నారు కాబట్టి సేవల మీద పన్ను కూడా వచ్చింది, 18 శాతం. 2023లో కర్ణాటకలో మైసూరు వైపు డిస్కం ఒకటి ఇదే ప్రశ్నతో అడ్వాన్స్ రూలింగ్‌కి, అంటే పన్ను ఎంతో ముందే తేల్చి చెప్పే అథారిటీకి, వెళితే, అక్కడా 18 శాతమే అన్నారు. కాబట్టి ఛార్జింగ్ మొత్తం మీద వేసిన పన్ను తప్పు కాదండి.

రేటు పరిమితి మాట కూడా అలాంటిదే. మీరు చెబుతున్న పరిమితి డిస్కం ఆ స్టేషన్‌కి ఏ ధరకి కరెంటు ఇవ్వాలన్నది. స్టేషన్ వాళ్లు మన దగ్గర తీసుకునే ధర అందులోకి రాదు.

నల్గొండ_న్యాయం (సోమవారం, ఉదయం 8:30)

మేడమ్, సేవ అన్న సంగతి నాకు తెల్వదు. పన్ను గురించి నా మాట వాపస్ తీసుకుంటున్న. కానీ బోర్డు మీద 18.50 అని పెద్దగా రాసి పన్ను పక్కన చిన్నగా కూడా రాయకపోతే ఎట్ల? హోటల్‌ల ఇడ్లీ 40 అంటే 40కే ఇస్తరు గద.

ఛార్జర్_మెకానిక్ (సోమవారం, ఉదయం 11:45)

నేను ఛార్జర్లు బిగించి మరమ్మతులు చూసే కాంట్రాక్టర్ దగ్గర ఆరేళ్లుగా పని చేస్తున్నాను. బెజవాడ గారూ, మీ 27ని పొరలు పొరలుగా విప్పుదాం.

18.50 మీద 18 శాతం కలిపితే 21.83. మీ అసలు యూనిట్ ధర అదే. బోర్డు మీద ఆ అంకే రాయాలని నేనూ అంటాను. 28.46 యూనిట్లని ఆ ధరతో గుణిస్తే 621 రూపాయల 28 పైసలు. దాన్ని మీ 26తో భాగిస్తే 23.90. అంటే ఈ 21.83కీ 23.90కీ మధ్య ఉన్న రెండు రూపాయలు, కారు బ్యాటరీలో కనబడని ఆ 2.46 యూనిట్లవి. ప్లాట్‌ఫాం ఛార్జీ పన్నుతో 11.80, అది యూనిట్‌కి 45 పైసలు. ఐడిల్ ఫీజు, అంటే ఛార్జింగ్ ఆగాక కూడా గన్ను వదలనందుకు వేసేది, పన్నుతో 73.16, అది యూనిట్‌కి 2.81. అన్నీ కలిపితే 27.16. లెక్క సరిపోయింది, బిల్లులో కూడికల తప్పేమీ లేదు.

ఇక అడగాల్సినవి రెండే: ఆ 2.46 యూనిట్లు ఎటు పోయాయి, ఆ 31 నిమిషాలు నిజంగా ఉన్నాయా. మొదటిదానికి నాకు రెండు సంగతులు కావాలి. ఛార్జింగ్ అవుతుండగా కారులో ఏసీ నడిచిందా? గన్ను తీసేముందు మెషీన్ స్క్రీన్ మీద యూనిట్లు ఎన్ని చూపించాయి?

బెజవాడ_ప్రయాణం (సోమవారం, మధ్యాహ్నం 1:05)

ఏసీ నడిచిందండి. అమ్మ, మా చిన్నది ఎండకి తట్టుకోలేక కారులోనే కూర్చున్నారు. ఒంటిగంట దాటాక పది నిమిషాలకి వాళ్లని కూడా భోజనానికి పిలిచాం, అప్పుడు ఆపేశాను. మెషీన్ స్క్రీన్ ఫొటో తీశాను, 28.4 అని ఉంది.

ఛార్జర్_మెకానిక్ (సోమవారం, మధ్యాహ్నం 2:20)

ఆ ఫొటో చాలా మంచి పని చేశారు. మెషీన్ అంకె, బిల్లు అంకె కలిశాయి కాబట్టి మీటరు గన్ను వైపు, అంటే డీసీ వైపు ఉన్నట్టే. గ్రిడ్ నుంచి వచ్చిన ఏసీ కరెంటుని డీసీగా మార్చేటప్పుడు ఆ పెట్టెలో పోయే ఐదారు శాతం మీ మీద పడలేదు. కొన్నిచోట్ల బిల్లు మీటరు మెషీన్ ముందే ఉంటుంది. అక్కడ స్క్రీన్ మీద 28 కనబడి బిల్లులో 30 వస్తుంది. తేడా ప్రతిసారీ ఒకే తీరుగా ఐదారు శాతం ఉంటే మీటరు ఎక్కడ పెట్టారో అడగండి.

మీ 2.46 అయితే గన్ను దాటాక, కారులోపల ఖర్చయింది. ఎండలో సుమారు 36 నిమిషాలు ఏసీ నడిస్తే దాదాపు ఒక యూనిట్ దానికే పోతుంది. ఫాస్ట్ ఛార్జింగ్‌లో బ్యాటరీ వేడెక్కకుండా కారు తన కంప్రెసర్ నడుపుతుంది, ఆ కరెంటు కూడా గన్ను నుంచే. కొంత సెల్స్ లోపలే వేడిగా పోతుంది. ఇంకొకటి, మీరు శాతాలతో లెక్క కట్టారు. మీ బండిలో ఒక శాతం అంటే 0.4 యూనిట్. స్క్రీన్ మీద 25 అంటే 24.6 కావచ్చు, 25.4 కావచ్చు. చివర 90 కూడా అంతే. రెండు చివర్లా కలిపి ఆ తేడాలోనే ఒక శాతం దాకా, అంటే 0.4 యూనిట్ దాకా అటూ ఇటూ అవుతుంది. వేసవిలో ఏసీ వేసి ఎనిమిదిన్నర శాతం తేడా వస్తే నేను అనుమానించను. ఏసీ లేకుండా, చల్లటి పూట, పదిహేను శాతం వస్తే మాత్రం వదలొద్దు.

యాప్‌లో సెషన్ వివరాలు తెరిస్తే మొదటి, చివరి మీటర్ రీడింగులు ఉంటాయి. అవి పంపండి. ఐడిల్ సంగతి వాటితో తేలుతుంది.

బెజవాడ_ప్రయాణం (సోమవారం, మధ్యాహ్నం 3:02)

కస్టమర్ కేర్‌కి రాస్తే ఈ ముక్క పంపారు:

```
meterStart  1845210
12:34:06    Charging
13:22:10    SuspendedEV
14:03:31    Available
meterStop   1873670
```

ఛార్జర్_మెకానిక్ (సోమవారం, సాయంత్రం 6:30)

రీడింగులు వాట్ అవర్లలో ఉంటాయి. చివరిదాంట్లోంచి మొదటిది తీసేస్తే 28460, వెయ్యితో భాగిస్తే 28.46. సరే.

SuspendedEV అన్నది చూడండి. గన్ను ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, కారే ఇక చాలు అంది అని దాని అర్థం. మీరు కారులో 90కి లిమిట్ పెట్టారు కదా, 1:22కి కారు తీసుకోవడం ఆపేసింది. సర్వర్ దృష్టిలో ఐడిల్ గడియారం అక్కడే మొదలవుతుంది. 2:03కి మీరు గన్ను తీశారు. 41 నిమిషాలు. పది నిమిషాలు ఉచితం, మిగిలింది 31. రెండు రూపాయల చొప్పున 62. ఇదీ సరిగ్గానే ఉంది.

అదే వరుసలో SuspendedEVSE అని ఉంటే మాట వేరు. అప్పుడు ఆపింది మెషీన్: వేడెక్కో, లోడు పంచడానికో. మీ కారు ఇంకా అడుగుతూనే ఉంటుంది. ఆ నిమిషాలకి ఐడిల్ వేస్తే మీరు పోట్లాడాలి. కొన్ని యాప్‌లలో ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి లెక్క కట్టడం నేను చూశాను.

బెజవాడ_ప్రయాణం (సోమవారం, రాత్రి 8:15)

అర్థమైంది, చాలా థాంక్సండి. కానీ నా బాధ ఒకటి ఉంది. ఛార్జింగ్ అయిపోయిందన్న మెసేజ్ నా ఫోన్‌కి 1:31కి వచ్చింది. అయిపోయిన తొమ్మిది నిమిషాలకి. ఉచితంగా ఇచ్చిన పది నిమిషాల్లో తొమ్మిది నాకు తెలియకుండానే పోయాయి. తెలిసిన క్షణం నుంచి కదా లెక్క పెట్టాల్సింది? ఇంకోటి, పక్క గన్ను ఖాళీగానే ఉంది, ఎవరూ ఎదురుచూడట్లేదు. ఎవరికీ నష్టం లేనప్పుడు ఫీజు ఎందుకు?

క్యాబ్_అన్న (సోమవారం, రాత్రి 10:50)

సార్ నేను విజయవాడలో బండి తిప్పుతా, ఈవీనే. రోజుకు రెండుసార్లు గన్ను కావాల. మొన్న ఒక కారు నిండిపోయి అట్లనే ఉంది, ఓనరు లేడు. నేను 50 నిమిషాలు నిలబడ్డా. ఆ టైంలో నాకు ఒక ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు పోయింది. ఎవరూ లేరని మీరు అన్నారు, కానీ యాప్‌లో గన్ను బిజీ అని చూసి నా లాంటోడు ముందు స్టేషన్‌కి వెళ్లిపోయుంటాడు. వాడు మీకెట్లా కనబడతాడు సార్?

నల్గొండ_న్యాయం (సోమవారం, రాత్రి 11:05)

దానికి ఒక ఉపాయం ఉన్నది. లిమిట్ 90 కాకుండా 100 పెట్టు. చివరి పది శాతం మస్తు నెమ్మదిగా ఎక్కుతది. నీ భోజనం అయ్యేదాకా ఛార్జింగ్ అయితనే ఉంటది, ఐడిల్ పడదు.

ఛార్జర్_మెకానిక్ (మంగళవారం, ఉదయం 7:40)

పడదు, నిజమే. కానీ క్యాబ్ అన్న చెప్పిన ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. 90 దాటాక చాలా కార్లు గన్ను సత్తాలో చిన్న వాటా మాత్రమే తీసుకుంటాయి. 60 కిలోవాట్ల మెషీన్ చేత ఇంట్లో గోడకి బిగించే చిన్న ఛార్జర్ పని చేయించడమే అది. అందుకే కొన్ని కంపెనీలు ఇప్పుడు 80 లేదా 90 దగ్గరే సెషన్ తెంపేస్తున్నాయి. అలాంటి చోట మీరు ఆ ఉపాయం చేస్తే మెషీన్ తనే ఆపి, అక్కణ్ణుంచి ఐడిల్ వేస్తుంది.

మెసేజ్ ఆలస్యం విషయంలో బెజవాడ గారి పక్షాన నేను సగమే. మెషీన్‌లో ఉండేది సిమ్ కార్డు. సిగ్నల్ లేకపోతే కబురు సర్వర్‌కి ఆలస్యంగా చేరుతుంది. ఈ లాగ్‌లో ఉన్న 13:22:10 మెషీన్ వేసుకున్న సమయం. సర్వర్‌కి అది చేరిన సమయం వేరే ఉంటుంది. ఆ రెండో సమయం అడగండి. అది 1:30 దాకా చేరకపోతే తప్పు వాళ్ల వైపు. 1:22కే చేరి ఉంటే, హోటల్ లోపల మీ ఫోన్‌కే సిగ్నల్ లేదన్నమాట.

హన్మకొండ_ఈవీ (మంగళవారం, ఉదయం 9:25)

సిగ్నల్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను. ఇదే హైవే మీద పోయిన సంవత్సరం నేను గన్ను తీసి పెట్టేసి వెళ్లిపోయాను. రాత్రికి చూస్తే రెండు గంటల ఐడిల్ ఫీజు. గన్ను తీసినప్పుడు మెషీన్‌కి నెట్ లేదు, ఆ కబురు సర్వర్‌కి వెళ్లలేదు. నెట్ వచ్చేదాకా నా సెషన్ నడుస్తూనే ఉంది. కస్టమర్ కేర్ మొదట ఒప్పుకోలేదు. అప్పుడు చిల్లకల్లు టోల్ దగ్గర ఫాస్టాగ్ నుంచి వచ్చిన మెసేజ్ పంపాను. వాళ్లు ఐడిల్ వేసిన సమయానికి నా కారు అరవై కిలోమీటర్ల అవతల టోల్ దాటుతోంది. నాలుగో రోజు డబ్బు వాలెట్‌లోకి వచ్చింది. అప్పటి నుంచి గన్ను హోల్డర్‌లో పెట్టాక ఒక ఫొటో తీసుకుంటాను, యాప్‌లో సెషన్ మూసుకుందో లేదో చూశాకే బండి కదుపుతాను.

ప్లాట్‌ఫాం ఛార్జీ మీద కూడా ఒక మాట. అది యూనిట్ల లెక్కన పడదు, సెషన్‌కి ఒకటి చొప్పున పడుతుంది. అదే రోజు నాకు మెషీన్ మూడుసార్లు ట్రిప్ అయింది, మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టాను, మూడు ప్లాట్‌ఫాం ఛార్జీలు పడ్డాయి. మొదటి సెషన్‌లో ఎక్కింది అర యూనిట్, దానికి 11.80 ప్లాట్‌ఫాం.

బెజవాడ_ప్రయాణం (మంగళవారం, ఉదయం 10:10)

నాకు ఆ పది రూపాయలు అసలు ఎవరికి వెళ్తాయో తెలియలేదు. స్టేషన్ బోర్డు మీద ఒక కంపెనీ పేరు, నేను వాడిన యాప్ ఇంకొకరిది.

ఛార్జర్_మెకానిక్ (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. చాలా స్టేషన్లు చూపించే ఉమ్మడి యాప్ అయితే ఆ ఛార్జీ ఆ యాప్ వాళ్లది. యూనిట్ ధర, ఐడిల్ ఫీజు స్టేషన్ వాళ్లవి. బిల్లు కింద జీఎస్టీ నంబరు చూడండి. కొన్నిసార్లు రెండు వేర్వేరు నంబర్లతో రెండు బిల్లులు వస్తాయి. స్టేషన్ వాళ్ల సొంత యాప్‌లో అదే గన్ను స్కాన్ చేస్తే ఆ పది పడకపోవచ్చు. కానీ అక్కడ వాలెట్‌లో ముందే డబ్బు వేయమంటారు. ఒక్కసారి వెళ్లే ఊరికి మూడు వందలు వాలెట్‌లో ఇరుక్కోవడం కంటే పది రూపాయలు ఇవ్వడమే నయమని నా అభిప్రాయం. రోజూ వెళ్లే దారి అయితే సొంత యాప్.

పద్దుపుస్తకం (మంగళవారం, రాత్రి 9:00)

ఇంతసేపూ నన్ను పీకుతున్నది ఐడిల్ మీద పన్ను. 62 మీద 11.16 వేశారు. అది జరిమానా అయితే, నష్టపరిహారంలా తీసుకునే సొమ్ము మీద జీఎస్టీ ఉండదని 2022 ఆగస్టు 3 నాటి సర్క్యులర్‌లో ఉంది. కానీ అదే సర్క్యులర్‌లో ఆలస్య రుసుము, క్యాన్సిలేషన్ ఛార్జీల లాంటివి అసలు సేవకి తోకలాంటివి, అసలు సేవకి ఎంత పన్నో వాటికీ అంతే అని కూడా ఉంది. ఐడిల్ ఫీజు వీటిలో ఏ గట్టున పడుతుంది? గన్ను ఆక్రమించినందుకు అద్దె అనుకుంటే పన్ను పడుతుంది. లేవండి అని బెదిరించే జరిమానా అనుకుంటే పడకూడదు. నా మొగ్గు మొదటిదానికే, ఎందుకంటే నిమిషానికి ఇంత అని ముందే ధర చెప్పి తీసుకుంటున్నారు. మా సీనియర్ మాత్రం రెండోదే అంటున్నారు.

నల్గొండ_న్యాయం (మంగళవారం, రాత్రి 9:20)

మీ సీనియర్ దిక్కే నేను.

బెజవాడ_ప్రయాణం (గురువారం, రాత్రి 8:45)

కస్టమర్ కేర్ జవాబు వచ్చింది. మెకానిక్ గారు చెప్పినట్టు సర్వర్‌కి చేరిన సమయం అడిగాను. 13:29:48 అన్నారు. అంటే మెషీన్ దగ్గరే ఏడున్నర నిమిషాలు ఆగింది. ఎనిమిది నిమిషాలకి 16 రూపాయలు, పన్నుతో 18.88 వాలెట్‌లో వేశారు. ఒక్కసారికి మాత్రమే అని రాశారు. నిబంధనల్లో మాత్రం లెక్క ఛార్జింగ్ ఆగిన క్షణం నుంచే అనీ, మెసేజ్ అదనపు సౌకర్యం మాత్రమే అనీ ఉందట. దాని మీద ఇంకా రాస్తున్నాను.

క్యాబ్ అన్నా, మీరు చెప్పిన ఆ కనబడని మనిషి మాట నాకు బాగా తగిలింది. ఈ రోజు తిరుగు ప్రయాణంలో కోదాడ దగ్గర ఆగాను. 12:50కి గన్ను పెట్టి ఫోన్‌లో 35 నిమిషాలకి అలారం పెట్టుకున్నాను. 80 శాతానికి వచ్చి గన్ను తీసేశాను. ఆ తర్వాతే భోజనం చేశాం, కారుని పక్క చెట్టు కిందికి జరిపి. ఐడిల్ సున్నా. ఏసీ వేయలేదు, కారులో ఎక్కింది 20.4 యూనిట్లు, బిల్లులో 21.3.

క్యాబ్_అన్న (గురువారం, రాత్రి 11:30)

థాంక్స్ సార్. కోదాడలో ఎడమ పక్క గన్ను పని చేస్తుందా? మొన్న నేను వెళ్తే స్క్రీన్ మీద Faulted అని ఉంది. రేపు పొద్దున్నే హైదరాబాద్ ట్రిప్పు ఉంది.